మూడు డబ్బాల గుళ్ళు, ఒక ఎయిర్ రైఫిల్: నా ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 27

తెనాలి దగ్గర బాబాయి ధాన్యం గోడౌన్‌లో పందికొక్కులు పడ్డాయి. గోడ కింద బొరియ, బస్తాల అడుగున చిల్లులు, పొద్దున్నే నేలమీద గుప్పెళ్ళకొద్దీ ఊక. మందు పెడితే అవి బస్తాల మధ్యకు పోయి చస్తాయి, వాసన పట్టాక ఎక్కడని వెతకడం? పైగా ఇంట్లో కుక్క ఉంది. "నీ దగ్గర ఆ గాలి తుపాకీ ఉందిగా, అటకమీద దాన్ని ఎందుకు మేపుతున్నావు?" అన్నాడు బాబాయి.

ఉన్నమాట నిజమే. 0.177 బోర్, అంటే 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగ్ రైఫిల్. గొట్టం విరిచి స్ప్రింగు బిగించి, ఒక్కో గుండూ వేలితో పెట్టుకునే రకం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఈ బోర్ దాటకుండా, శక్తి 20 జౌళ్ళు మించకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు, నాది ఆ లోపే. నాలుగేళ్ళుగా కాగితం మీద తప్ప దేనిమీదా పేల్చలేదు. అదీ ఏ గుండు దొరికితే ఆ గుండుతో.

జీవం మీద పేల్చాలంటే మాత్రం "ఏదో ఒకటి" కుదరదు. అందుకే మూడు రకాలూ ఒక్కో డబ్బా తెప్పించాను. మూతి చదునుగా ఉండే వాడ్‌కట్టర్, గుండ్రటి తలున్న డోమ్, సూదిమొన ఉన్న పాయింటెడ్. మొదటి రెండూ దిగుమతి సరుకు, మూడోది ఇక్కడి తయారీ. ఏది దేనికి పనికొస్తుందో నా రైఫిల్లోనే తేల్చుకున్నాక గోడౌన్ సంగతి చూస్తానన్నాను. "ఈలోగా అవి నా బస్తాలన్నీ తేల్చేస్తాయిరా" అన్నాడు బాబాయి.

డిసెంబర్ 29

మొదటి పరీక్ష. వర్క్‌షాపు వెనక ఖాళీ స్థలం, 10 మీటర్లు టేపుతో కొలిచి, వెనక ఇసుక బస్తాలు పేర్చి, ముందు అట్టకు కాగితం అంటించాను. ఒక్కో రకం పది గుళ్ళు.

మూడూ ఘోరం. వాడ్‌కట్టర్ అయితే రూపాయి బిళ్ళ కంటే వెడల్పుగా చెల్లాచెదురు. పాయింటెడ్ ఇంకా అన్యాయం. ఇంటికొచ్చి కాగితాలు చూస్తూ కూర్చుంటే ఒక విషయం తట్టింది. మూడు రకాలూ ఒకేలా పైకీ కిందికీ సాగి పడ్డాయి. గుండు బాగోకపోతే అన్నివైపులా చెదరాలి గానీ అన్నీ ఒకే గీత మీద ఎందుకు సాగుతాయి? తీసి చూస్తే చెక్క భాగాన్ని రైఫిల్‌కు బిగించే ముందువైపు స్క్రూ రెండు చుట్లు వదులు.

స్ప్రింగ్ రైఫిల్ తత్వమే అంత. గుండు గొట్టం దాటేలోపే లోపలి పిస్టన్ ముందుకు కొట్టుకుని మొత్తం తుపాకీని ఒక కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపుకు స్క్రూలు వదులవుతాయి. గట్టిగా పట్టుకుంటే కుదుపు చేతి బలాన్ని బట్టి ఒక్కోసారి ఒక్కో దిక్కుకు పోతుంది. అందుకే ముందు చేతిని తెరిచి, అరచేతిలో ఊరికే ఆనించి, తుపాకీని దాని ఇష్టానికి వదిలేయాలి. నేను ఇసుక సంచి మీద నేరుగా ఆనించాను, అదీ తప్పే. సంచికీ తుపాకీకీ మధ్య నా చెయ్యి ఉండాలి.

ఈ రోజు కాగితాలన్నీ పొయ్యిలోకి.

జనవరి 2

స్క్రూ బిగించాను. పేల్చే ముందు గుళ్ళ సంగతి చూద్దామనుకున్నాను. లేత్ పని చేసేవాడికి మైక్రోమీటర్ చేతిలో ఉండగా డబ్బా మీద రాసింది నమ్మబుద్ధి కాదు.

ఎయిర్ రైఫిల్ గుండుకు రెండు చోట్ల గొట్టం తగులుతుంది. ముందు తల, వెనక స్కర్ట్. మధ్యలో నడుము సన్నం, వెనక భాగం బోలు. తల గొట్టంలోని మరలమీద కూర్చుని దారి చూపిస్తుంది. వెనక పలచటి స్కర్ట్ గాలి ఒత్తిడికి విచ్చుకుని గొట్టాన్ని మూసేస్తుంది. తల కొంచెం వదులైతే గుండు గొట్టంలోనే అటూ ఇటూ తల ఊపుతూ పోతుంది. స్కర్ట్ సొట్టపోతే ఆ పక్క నుంచి గాలి జారి, బయటికొచ్చే క్షణంలో గుండును ఒక పక్కకు తోస్తుంది.

తల కొలవడం సులువు కాదు. సీసం మెత్తన. మైక్రోమీటర్ రాచెట్ ఒక్క క్లిక్ దాటితే మనం కొలిచేది మనం నొక్కిన సైజునే. రెండు మూడు పాడుచేశాక చెయ్యి కుదిరింది. వాడ్‌కట్టర్ డబ్బా మీద 4.50 అని ఉంది, ఇరవై కొలిస్తే అన్నీ 4.50, 4.51. డోమ్ మీద 4.52 అని ఉంది, అదీ నిజమే. పాయింటెడ్ డబ్బా మీద తల సైజే వేయలేదు. కొలిస్తే 4.46 నుంచి 4.54 దాకా ఉంది.

మైక్రోమీటర్ లేనివాళ్ళకు వేలే కొలబద్ద. గొట్టం విరిచి గుండు పెడితే డోమ్ చిన్న పట్టుతో లోపలికి వెళ్ళింది, ప్రతిదీ అదే పట్టుతో. వాడ్‌కట్టర్ కాస్త తేలిక, కానీ అదీ ఒకేలా. పాయింటెడ్‌లో ఒకటి దానంతటదే లోపలికి జారిపోయింది, ఇంకోదాన్ని బొటనవేలితో నొక్కాల్సి వచ్చింది. ఒకే డబ్బాలో రెండు రకాల పట్టు తగిలిందంటే ఆ డబ్బాతో గురి గురించి మాట్లాడుకోవడం దండగ.

జనవరి 4

తూకం. మా కంసాలి మిత్రుడి కొట్లో మిల్లీగ్రాము దాకా చూపించే కాటా ఉంది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ వెళ్ళి యాభైయేసి గుళ్ళు తూచాను. "బంగారం తూచే కాటాలో సీసం పెట్టించావు, దీని శాపం నీకే" అన్నాడు గానీ, పళ్ళెం తుడిచి ఇచ్చింది వాడే.

వాడ్‌కట్టర్ 0.53 గ్రాములకు అటూ ఇటూ ఐదు మిల్లీగ్రాముల లోపు. డోమ్ 0.55 దగ్గర, అంతే బిగువుగా. పాయింటెడ్ 0.49 నుంచి 0.55. బరువు తేడా వల్ల 10 మీటర్లలో పెద్దగా ముంచుకొచ్చేదేమీ లేదు, దూరంలో పైకీ కిందికీ తేడా చూపిస్తుంది. నాకు ముఖ్యంగా కనిపించింది వేరే. అంత తేడా ఉందంటే అచ్చులో సీసం సమంగా నిండలేదని అర్థం. సమంగా నిండని గుండుకు బరువు మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది.

వాడి షోకేసు అద్దం మీదే ఇంకో పరీక్ష చేశాను. గుండును పక్కకు పడుకోబెట్టి మెల్లగా తోస్తే స్కర్ట్ పెద్దది, తల చిన్నది కాబట్టి వంపు తిరుగుతూ దొర్లుతుంది. దొర్లేటప్పుడు పాయింటెడ్ మొనను చూస్తూ ఉండాలి. మంచిదైతే మొన ఒకే ఎత్తులో నిలకడగా పోతుంది. నా డబ్బాలో పదింట్లో నాలుగు మొనలు పైకీ కిందికీ ఊగాయి. కొన్నింటికి డబ్బాలో కుదుపులకే మొన వంగింది. మొన అంటే గుండులో అన్నిటికంటే సన్నటి భాగం, మెత్తటి సీసం, వందల గుళ్ళ మధ్య. వంగకపోతేనే ఆశ్చర్యం. డోమ్‌కు వంగడానికి మొన లేదు, వాడ్‌కట్టర్‌కు అసలు ముక్కే లేదు.

జనవరి 7

మళ్ళీ 10 మీటర్లు. పొద్దున ఏడింటికి, మంచు విడిచీ విడవకముందు, ఆకు కదలని వేళ. రకం మార్చిన ప్రతిసారీ పది గుళ్ళు లెక్కలోకి తీసుకోకుండా ఇసుకలోకి పేల్చాను. గొట్టంలో పాత గుండు సీసం పూత పోయి కొత్తదాని పూత పట్టేదాకా కొన్ని తప్పుతాయి.

అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు రంధ్రాలను బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి అందులోంచి ఒక రంధ్రం వెడల్పు తీసేస్తే మధ్య నుంచి మధ్యకు దూరం వస్తుంది. వాడ్‌కట్టర్ పది గుళ్ళూ 9 మిల్లీమీటర్లు. డోమ్ 10. పాయింటెడ్ 17.

అంటే 10 మీటర్లలో వాడ్‌కట్టర్, డోమ్ సమానమే. ఆ ఒక్క మిల్లీమీటరు నా చేతి వణుకు. మరి పోటీల్లో అందరూ చదును మూతినే ఎందుకు వాడతారు? కాగితాన్ని చూస్తే తెలుస్తుంది. వాడ్‌కట్టర్ పడ్డ చోట పంచింగ్ మిషన్‌తో తీసినట్టు గుండ్రటి రంధ్రం. డోమ్ పడ్డ చోట కాగితం చీలి, లోపలికి ముడుచుకుని, మళ్ళీ సగం మూసుకుంది. చూపుకు ఆ రంధ్రం మూడు, మూడున్నర మిల్లీమీటర్లే.

దీని విలువ లెక్కేస్తే గానీ తెలియదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క, తొమ్మిది వలయం 5.5, ఎనిమిది 10.5, అలా ఐదేసి పెరిగి ఒకటో వలయం 45.5. గుండు అంచు ఏ గీతను తాకితే ఆ మార్కు. గుండు మధ్యభాగం కేంద్రానికి 2.4 మిల్లీమీటర్ల పక్కన పడిందనుకోండి. గుండు సగం వెడల్పు 2.25, కాబట్టి దాని అంచు కేంద్రానికి 0.15 దూరం దాకా వచ్చింది, 0.25 దాకా ఉన్న చుక్కను తాకింది, పది. అదే చోట డోమ్ పడి రంధ్రం మూడున్నరే కనిపిస్తే, కంటికి అంచు 0.65 దగ్గరే ఆగినట్టుంటుంది. పది కాస్తా తొమ్మిది. గుండు ఒకే చోట పడింది, కాగితం అబద్ధం చెప్పింది.

లండన్ 2012లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే. ఆ స్థాయిలో పదిలో కూడా పదో వంతులు లెక్క, 10.9 దాకా. మనం తిరునాళ్ళలో బుడగలు పేల్చినవాళ్ళం, బుడగకు పదో వంతుల బాధ లేదు.

జనవరి 10

25 మీటర్లు. ఇది బాబాయి చేను గట్టు మీద, వెనక మట్టికట్ట ఆసరాగా. గాలి లేదు.

డోమ్ 24 మిల్లీమీటర్లు. వాడ్‌కట్టర్ 38. పాయింటెడ్ 52, అందులో రెండు వదిలేస్తే 35. ఆ రెండూ ఎందుకు పోయాయంటే మొన వంగినవే అయ్యుంటాయి. కానీ పదిలో రెండు వదిలేసి చెప్పే లెక్క లెక్క కాదు.

పది మీటర్లలో సమానంగా ఉన్న వాడ్‌కట్టర్ ఇక్కడ వెనకబడింది. గాలిని చదును ముఖంతో తోసుకుంటూ పోతుంది గనక వేగం తగ్గుతుందని అందరూ చెప్పేదే. ఎంత తగ్గుతుందో నాకు చూడాలనిపించింది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ నా దగ్గర లేదు. ఫోన్ ఉంది.

జనవరి 11

ఉపాయం ఇది. ఫోన్‌లో సౌండ్ రికార్డింగ్ పెట్టి పేలిస్తే రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి, పేలిన చప్పుడు, రేకుకు తగిలిన చప్పుడు. ఫోన్‌ను తుపాకీ దగ్గర పెడితే తగిలిన చప్పుడు వెనక్కి రావడానికి పట్టిన సమయం కూడా కలిసిపోతుంది. అందుకని తుపాకీకీ రేకుకూ సరిగ్గా మధ్యలో, పక్కకు మూడు మీటర్లు జరిపి, ఇటుక చాటున పెట్టాను. రెండు చప్పుళ్ళూ ఫోన్‌కు రావడానికి సమాన దూరమే కాబట్టి ఆ ఆలస్యం రెండింటికీ ఒకటే, కొట్టుకుపోతుంది. మిగిలిన విరామం అచ్చంగా గుండు ప్రయాణ సమయం. ఫైల్‌ను Audacity లో తెరిచి రెండు గీతలు ఎగసిన చోట్ల మధ్య కొలిస్తే మిల్లీసెకను దాకా తెలుస్తుంది. రేకును కాస్త కిందికి వంచి కింద ఇసుక పోశాను, కళ్ళద్దాలు పెట్టుకున్నాను. రేకు నుంచి సీసం వెనక్కి ఎగరగలదు.

10 మీటర్లకు మూడింటికీ సుమారు 46 మిల్లీసెకన్లు. అంతదాకా తేడాయే లేదు. 25 మీటర్లకు డోమ్ 119, పాయింటెడ్ 120, వాడ్‌కట్టర్ 124.

ఐదు మిల్లీసెకన్లే కదా అనిపిస్తుంది. వెనక్కి లెక్కేసుకుంటూ వెళ్తే కథ తెలుస్తుంది. గొట్టం దగ్గర డోమ్ సెకనుకు 225, వాడ్‌కట్టర్ 230 మీటర్ల ప్రాంతంలో మొదలయ్యాయి, దాదాపు 14 జౌళ్ళ శక్తితో. 25 మీటర్ల దగ్గరకొచ్చేసరికి డోమ్ 197 దగ్గర ఉంది, వాడ్‌కట్టర్ 179కి పడిపోయింది. శక్తి లెక్కన డోమ్ చేతిలో పదిన్నర జౌళ్ళకు పైగా మిగిలింది, వాడ్‌కట్టర్ చేతిలో ఎనిమిదిన్నర.

గాలి వీస్తే ఇంకా ఘాటుగా తెలుస్తుంది. పక్కగాలి గుండును ఎంత పక్కకు తోస్తుందనేది మొత్తం ప్రయాణ సమయాన్ని బట్టి కాదు, మధ్యలో నెమ్మదించడం వల్ల అయిన ఆలస్యాన్ని బట్టి. డోమ్ వేగం తగ్గకుండా పోయుంటే 25 మీటర్లకు 111 మిల్లీసెకన్లు పట్టేది, పట్టింది 119, ఆలస్యం 8. వాడ్‌కట్టర్‌కు 109 పట్టాలి, పట్టింది 124, ఆలస్యం 15. సెకనుకు 2 మీటర్ల పక్కగాలి, అంటే వరి కంకులు మెల్లగా ఊగే గాలి, డోమ్‌ను 1.6 సెంటీమీటర్లు నెడుతుంది, వాడ్‌కట్టర్‌ను 3. దాదాపు రెట్టింపు. మధ్యాహ్నం గాలి లేచాక మళ్ళీ పది పేలిస్తే వాడ్‌కట్టర్ 38 కాస్తా 60 అయింది, డోమ్ 24 నుంచి 35కి పోయింది. గాలి ఒకేలా వీయదు గదా, ఒక గుండుకు ఉంటుంది, ఇంకో గుండుకు ఉండదు.

కాబట్టి నా రైఫిల్‌కు గీత ఎక్కడో తెలిసింది. పదిహేను మీటర్ల లోపు చదును మూతి, గుండ్రటి తల ఒకటే. ఇరవై దాటితే గుండ్రటి తలే. మధ్యలో గాలిని బట్టి.

జనవరి 13

పండగ ముందు ఒక్క పని మిగిలింది. "మొన ఉన్నది లోతుగా దిగుతుంది, అందుకని జంతువులకు పాయింటెడ్" అని కొట్లో అమ్మేవాడు చెప్పాడు. ఆ మాట తేల్చాలి.

బట్టల సబ్బు బార్లు నాలుగు కొని, పక్కపక్కన బిగించి కట్టి 10 మీటర్ల నుంచి ఒక్కో రకం ఐదేసి పేల్చాను. తర్వాత వైరుతో కోసి చూశాను. వాడ్‌కట్టర్ సగటున 22 మిల్లీమీటర్ల లోతు, రంధ్రం వెడల్పుగా, మూతి కాస్త చదునుగా పరుచుకుని ఆగింది. డోమ్ 31. పాయింటెడ్ 33.

అంతే, రెండు మిల్లీమీటర్లు. సబ్బులోంచి తీసిన పాయింటెడ్ గుండ్ల మొనలు నలిగి మొద్దుబారాయి, పక్కన డోమ్ పెడితే తేడా పట్టడం కష్టం. ఈ వేగంలో లోతును నిర్ణయించేది శక్తీ, గుండు ముందుభాగం వెడల్పూ. సీసం మొన మొదటి దెబ్బకే తన పని అయిపోయిందంటుంది. రెండు మిల్లీమీటర్ల లోతు కోసం గురిని సగానికి సగం పోగొట్టుకోవడం ఏం బేరం? అందరి పాయింటెడ్ గుళ్ళూ ఇంత అధ్వానంగా ఉంటాయని అనను. నా చేతికొచ్చిన డబ్బా ఇది. అయితే బాగా చేసిన డోమ్ దొరుకుతుండగా బాగా చేసిన పాయింటెడ్ కోసం వెతికే కారణం మాత్రం నాకు కనిపించలేదు.

కోసిన సబ్బులు పిన్ని తీసుకుంది. ముందే సీసం తీసేశాను, ఒకటి మిగిలి చీర చించితే నేను బతకను.

జనవరి 18

పండగ మూడు రోజులూ పిల్లలతో ఇల్లంతా సందడి. తుపాకీ తాళంలోనే. ఇవాళ చుట్టాలు వెళ్ళాక గోడౌన్ చూడ్డానికి వెళ్ళాను, తుపాకీ లేకుండా, చాక్‌పీసు, టేపు, టార్చితో.

ముందు చూడాల్సింది గుండు తగలకపోతే ఎక్కడికి పోతుందన్నది. తిండిగింజల బస్తా వెనకాల ఉండేలా పేల్చకూడదు, బియ్యంలో సీసం కలిస్తే ఏరలేం. పైన రేకు షెడ్డు, పక్కన ఇనుప స్తంభాలు, ఏటవాలుగా తగిలితే ఎగిరిపడుతుంది. చివరికి తూర్పు గోడ మూల ఒక్కటే కుదిరింది. అక్కడ బొరియ ఉంది, వెనక మట్టి గోడ, బస్తాలు నాలుగు మీటర్ల ఇవతలే ఆగిపోయాయి. బొరియ చుట్టూ ఇసుక సంచులు సగం గుండ్రంగా పేర్చి, ముందు ఒక పిడికెడు నూకలూ బెల్లం ముక్కా పెట్టాను. తలుపు దగ్గర నా కుర్చీ వేస్తే దూరం 9 మీటర్లు.

దూరం విషయంలో లెక్క ఇలా చూసుకున్నాను. పందికొక్కును పక్క నుంచి చూస్తే కంటికీ చెవికీ మధ్య, లోపల మెదడు ఉన్న చోటు, సుమారు రెండు సెంటీమీటర్లు. అక్కడ తగిలితే అక్కడికక్కడే. ఒళ్ళు చూసి పేలిస్తే అది బొరియలోకి పోయి గంటలకొద్దీ నరకం చూస్తుంది. నా తుపాకీ బల్ల మీద 10 మీటర్లలో 9 మిల్లీమీటర్లు. కానీ చీకట్లో, కుర్చీలో, మోకాలి మీద మోచెయ్యి ఆనించి? అదీ చూశాను, సబ్బు కవరు మీద రెండు సెంటీమీటర్ల చుక్క గీసి. 10 మీటర్లలో పదికి పది పడ్డాయి. 15కి పోతే పదికి ఆరు. శక్తి 25 మీటర్లలో కూడా చాలు, చేతికి మాత్రం పదే చాలు.

నెమళ్ళు, చిలుకల వంటివాటి జోలికి పోయేది లేదని బాబాయికి ముందే చెప్పాను. అవి 1972 వన్యప్రాణి చట్టం కింద ఉన్నవి. "చిలకల గొడవ నీకెందుకురా, కొక్కుల సంగతి చూడు" అన్నాడు.

ఇక గుండు. 9 మీటర్లకు వాడ్‌కట్టర్, డోమ్ రెండూ గురిలో సమానం. వాడ్‌కట్టర్ తీసుకున్నాను. లోతుకు పోకుండా లోపలే ఆగుతుంది, అవతలకు దూసుకుపోయి ఏ మూలకో పోదు. ఆ దూరంలో దాని చేతిలో పదకొండు జౌళ్ళకు పైగా ఉంది, అది కొక్కు పుర్రెకు ఎక్కువే. గోడౌన్‌లో గాలి బాధా లేదు.

జనవరి 20

మొదటి రాత్రి. టార్చికి ఎర్ర జిలటిన్ కాగితం కట్టాను, తెల్ల వెలుగుకు అవి పారిపోతాయి. ఎనిమిదింటి నుంచి కూర్చుంటే పదింపావుకు ఒకటి బయటికొచ్చింది. బెల్లం దగ్గర ఆగి పక్కకు తిరిగింది. ఒక్కటే. తర్వాత పన్నెండు దాకా ఇంకోటి రాలేదు.

ఉదయం దాన్ని చేతొడుగులతో తీసి లోతుగా పూడ్చాను. పారేస్తే కుక్కో గుడ్లగూబో తింటుంది, లోపల సీసం ఉంది.

జనవరి 22

ఈ రోజు రాయకపోతే మిగతా డైరీ అంతా గొప్పలే అవుతుంది.

రెండో కొక్కు మూలకు రాలేదు. పడమటి గోడ వెంట నడుస్తూ ఆగింది, వెనక గోడే, బస్తాలు లేవు. నడిచి లెక్కేస్తే పదహారు అంగలు. "పోతుందిరా, పోతుంది" అన్నాడు వెనక నుంచి బాబాయి. పేల్చాను. కిందికి, భుజం దగ్గర తగిలింది. పది మీటర్లు దాటితే నా చెయ్యి నిలవదని నాకు తెలుసు, తెలిసీ పేల్చాను. అది కూత పెట్టి పక్క బస్తాల సందులోకి దూరింది. ఇద్దరం బస్తాలు జరిపి దొరకబుచ్చుకుని దగ్గర నుంచి రెండో గుండు వేసేసరికి ఇరవై నిమిషాలు. బాబాయి ఒక్క మాట అనలేదు.

పొద్దున్నే 10 మీటర్ల దగ్గర నేలమీద సున్నంతో గీత గీశాను. గీత అవతల ఏం కనిపించినా తుపాకీ ఎత్తేది లేదు.

జనవరి 29

ఏడు రాత్రుల్లో ఆరు, ఆ రెండోది తప్ప అన్నీ గీత లోపలే, అన్నీ ఒక్క గుండుకే. పోటీ కాగితం కోసం చేసిన చదును మూతి గుండు కొక్కుల పనికి వచ్చింది, జంతువుల కోసమని అమ్మిన సూదిమొన గుండు డబ్బాలోనే ఉంది.

కొక్కులు ఇంకా ఉన్నాయి. మేస్త్రీ వచ్చి బొరియలో గాజుపెంకులు కలిపిన కాంక్రీటు నింపి, గోడ అడుగున మెష్ వేశాడు. తుపాకీతో ఆరింటిని తీస్తే మిగతావాటిని ఆపింది ఆ మెష్షే. బాబాయి మాత్రం ఊళ్ళో నా పేరే చెబుతున్నాడు.

ఫిబ్రవరి 8

చేను గట్టు మీద డోమ్‌తో మళ్ళీ 25 మీటర్లు, ఈసారి తల సైజు 4.51 డబ్బాతో. 4.52తో 24 వచ్చింది కదా, ఇది 29. నా గొట్టానికి కొంచెం బిగువు గుండే ఇష్టం. ఒకే ఆకారం, ఒకే బరువు, మిల్లీమీటరులో వందో వంతు తేడా, దానికే ఐదు మిల్లీమీటర్లు. ఒక్క పది గుళ్ళ మీద తీర్పు చెప్పను, వచ్చే వారం ఇంకో మూడు సార్లు చూస్తాను. మిగిలిన పాయింటెడ్ గుళ్ళు తూచి అమ్మితే సీసం ధర వస్తుందా అని కంసాలి మిత్రుణ్ణి అడిగాను. కాటా మీద గుడ్డ కప్పేశాడు.